టైటరు పెరిగితే టైఫాయిడేనా?

(మాట్లాడుకుంటున్నది ఇద్దరు: బాన్సువాడలో జ్వరాల కేసులు చూసే డాక్టరు, బీర్కూర్‌లో చిన్న ల్యాబు నడిపే టెక్నీషియన్.)

డాక్టరు: అన్నా, ఒక్కసారి చేసి వదిలేసే వైడాల్ పరీక్ష రాయడం ఇక మానేద్దామనుకుంటున్నాను. వానలు పడ్డాయంటే నా దగ్గరికి వచ్చే సగం జ్వరాలకు చేతిలో ముందే ఒక కాగితం ఉంటుంది. టీఓ 1:80, టీహెచ్ 1:160, కింద 'పాజిటివ్' అని. ఆ కాగితం చూసి అప్పటికే ఇంజక్షన్లు, సెలైన్లు ఎక్కించి ఉంటారు. రక్తం ఎన్నో రోజున ఇచ్చారమ్మా అని అడిగితే రెండో రోజనో మూడో రోజనో చెబుతారు. మూడో రోజు కనబడ్డ ఆ అంకె ఈ జ్వరం వల్ల పుట్టింది కాదు. అంత తొందరగా అది పుట్టదు.

టెక్నీషియన్: మానేస్తే దాని జాగల ఏం పెడతరు మేడం? బ్లడ్ కల్చర్ అంటరు. మా బీర్కూర్ అసొంటి ఊర్లె కల్చర్ ఎక్కడున్నది? సీసాల రక్తం పట్టి పెద్ద ల్యాబుకు పంపాలె, క్రిములు మొలిచేదాక రోజులు ఆగాలె. నాట్ల టైముల కూలికి పోయే మనిషి అన్ని రోజులు ఆగుతడా? నా దగ్గర వైడాల్ పొద్దుగాల రక్తం ఇస్తే టీ తాగి వచ్చేలోపు అయిపోతది. ఇంకో మాట. కల్చర్ గూడ అంత నమ్మకమైనదేం గాదు. నిజంగ టైఫాయిడ్ ఉన్న పదిమందిల ఆరుగురికే పట్టిస్తదని మీరే చెప్పిన్రు. నా దగ్గరికి వచ్చేటోళ్లు అప్పటికే మెడికల్ షాపుల గోలీలు తెచ్చుకొని రెండు రోజులు మింగి వస్తరు. వాళ్లకు ఆ ఆరు గూడ దక్కవు.

డాక్టరు: కల్చర్ గురించి మీరన్నది నిజం. టైఫాయిడ్ రోగి రక్తంలో చాలాసార్లు ఒక మిల్లీలీటరుకు ఒక్క క్రిమి కూడా ఉండదు. అందుకే పెద్దవాళ్లకు ఎనిమిది, పది మిల్లీలీటర్లు తీయాలి. రెండు మిల్లీలీటర్లు తీసి ఏమీ మొలవలేదంటే అది పరీక్ష చేసినట్టే కాదు. కానీ కల్చర్‌లో మొలిచిందంటే ఆ క్రిమి ఈరోజు ఆ ఒంట్లో ఉన్నట్టే. వైడాల్ చూసేది క్రిమిని కాదు, క్రిమి మీద ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీలను. సీరాన్ని సగానికి సగం పలచన చేసుకుంటూ పోతాం. 1:20, 1:40, 1:80, ఇలా. ఎంత పలచన చేసినా ఇంకా క్రిములను గుంపు కట్టించగలిగే చివరి మెట్టే టైటరు. క్రిమి ఒంటి మీది ఓ యాంటిజెన్‌కు యాంటీబాడీలు జ్వరం మొదలయ్యాక ఆరు నుంచి ఎనిమిది రోజులకు కనబడతాయి. దాని తోకల్లాంటి ఫ్లాజెల్లా మీది హెచ్‌కు పది, పన్నెండు రోజులు పడుతుంది. ఓ యాంటీబాడీ కొన్ని నెలల్లో తగ్గిపోతుంది, హెచ్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకని మూడో రోజు హెచ్ 1:160 ఉంటే అది ఎప్పటిదో పాత సంగతి. పోయినేడు పట్టించుకోని జ్వరం కావచ్చు, చిన్నప్పుడు కాలువ నీళ్లు తాగిన సంగతి కావచ్చు.

టెక్నీషియన్: నాకు గూడ అది తెల్వనిది గాదు. మంచిగున్న మనిషి రక్తం పెట్టినా 1:40 దాక గుంపు కడ్తది, కొందరికి 80 గూడ వస్తది. మంజీర ఆయకట్టుల పుట్టి పెరిగినోడికి ఈ క్రిమి ఎన్నడూ తగల్లేదంటే నేను నమ్మ. అందుకే నేను 80కి పాజిటివ్ అని రాయ. ఓ 160 దాటాలె, హెచ్ 320 ఉండాలె. ఎక్కడి జనానికి అక్కడి గీత గీసుకోవాలె గని, పరీక్షనే పారేస్తమా?

డాక్టరు: గీత పైకి జరిపితే తప్పుడు పాజిటివ్‌లు తగ్గుతాయి, ఒప్పుకుంటాను. కానీ దానితోపాటు ఏడో రోజున 80 దగ్గర ఉన్న అసలు టైఫాయిడ్ రోగి కూడా జారిపోతాడు. పైగా ఆ గీత ఎక్కడ గీయాలో తెలియాలంటే ఈ చుట్టుపక్కల జ్వరం లేని మనుషులను వయసులవారీగా పరీక్షించి చూడాలి, అదీ కొన్నేళ్లకోసారి. మీరు గీసింది మీ అనుభవంతో గీసింది. పక్క ల్యాబాయన అనుభవం వేరు, ఆయన కిట్టు వేరు. సరే, లెక్క చేసి చూద్దాం. అంకెలు నేను అనుకుంటున్నవే, ఎవరూ కొలిచినవి కావు. వానకాలంలో వంద జ్వరాలు వచ్చాయి, అందులో పది టైఫాయిడ్ అనుకోండి. మీ వైడాల్ ఆ పదిలో ఏడింటిని పట్టింది. మిగతా తొంభైలో పాత యాంటీబాడీల వల్ల ఐదోవంతు మందికి, అంటే పద్దెనిమిది మందికి పాజిటివ్ వచ్చింది. మొత్తం పాజిటివ్ కాగితాలు ఇరవై ఐదు. అందులో నిజం ఏడు. పాజిటివ్ అని రాసి ఇచ్చిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి టైఫాయిడ్ లేదు.

టెక్నీషియన్: అదే లెక్క ఇంకో తీరుగ చెయ్యుండ్రి. పైపు పగిలి మోరీ నీళ్లు కలిసిన వాడ ఉన్నదనుకోండి. ఆ వాడకెళ్ళి వంద జరాలు వచ్చినయి, అందుల యాభై టైఫాయిడ్. నేను ముప్పై ఐదు పడ్త. మిగిలిన యాభైల తప్పుడువి పది. నలభై ఐదు కాయితాలల్ల ముప్పై ఐదు నిజం. పరీక్ష అదే, కిట్టు అదే, చేసే చెయ్యి అదే. మరి తప్పు పరీక్షదా, ఎవరికి చేస్తున్నమో చూడనోళ్లదా?

డాక్టరు: మంచి మాటే. నేనూ అదే అంటున్నాను. అంకె అర్థం ఆ అంకెలో లేదు, రక్తం ఇచ్చిన మనిషిలో ఉంది. వారం రోజులుగా మెట్లు ఎక్కినట్టు పెరుగుతున్న జ్వరం, పాచి పట్టిన నాలుక, కడుపునొప్పి, అదే ఇంట్లో ఇంకొకరికి జ్వరం, ఇవన్నీ ఉన్నవాడికి 1:160 వస్తే నా అనుమానం గట్టిపడుతుంది. కానీ అలాంటివాడికి మీ కాగితం లేకపోయినా నేను టైఫాయిడ్ మందే మొదలుపెడతాను. మీ కాగితం కావాల్సింది అనుమానం సగం సగం ఉన్న మనిషికి. సరిగ్గా అతని దగ్గరే అది చేతులెత్తేస్తోంది.

టెక్నీషియన్: మీరు కొడ్తున్నది ఒక్కసారి చేసే వైడాల్‌ను. అది సగం పరీక్షే. 1896ల పారిస్‌ల ఫెర్నాండ్ వైడాల్ చూపించినంక పెద్దలు కట్టిన అసలు పద్ధతి రెండు రక్తాలది. జరం మొదట్ల ఒకటి, పది పద్నాలుగు రోజులకు ఇంకోటి. నాలుగింతలు పెరగాలె. పాత యాంటీబాడీలు ఉంటే ఉండనీయుండ్రి, అవి ఉన్నకాడనే ఉంటయి, కొత్త రోగమైతే పెరుగుతది. ఒక పిల్లగాడి సంగతి చెప్త. హాస్టల్ పిల్లగాడు, ఐదో రోజుకు వచ్చిండు, అప్పటికే గోలీలు మింగిండు. మలేరియా లేదు, డెంగీ లేదు, కల్చర్‌ల ఏం మొల్వలే. నేను చేసిన ఓ 1:20ల గూడ గుంపు కట్టలే. ఆ సీరం పారెయ్యక ఫ్రీజర్‌ల పెట్టిన. పద్నాలుగో రోజు మళ్ల రక్తం తీసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన గొట్టాలల్ల పెట్టి, ముప్పై ఏడు డిగ్రీల తెల్లారేదాక ఉంచిన. పాత దాంట్ల ఏం లేదు, కొత్త దాంట్ల ఓ 1:320. దీన్ని ఏమంటరు?

డాక్టరు: టైఫాయిడ్ అంటాను. మీరు చేసింది ఎక్కడా వంక పెట్టలేని పని. రెండు సీరాలనూ ఒకే రోజు, ఒకే యాంటిజెన్‌తో, ఒకే చేత్తో చేశారు. అలా చేసేవాళ్లు నాకు తెలిసినంతలో మీరొక్కరే. మామూలుగా ఎలా జరుగుతుందో మీకు తెలుసు. మొదటిది ఊళ్లో స్లైడు మీద, రెండోది బాన్సువాడలో ఇంకో కంపెనీ కిట్టుతో. మొదట 80, తరువాత 160. చూశారా డబలయింది, టైఫాయిడ్ పెరిగింది అంటారు. డబల్ అంటే పలచనలో ఒక్క మెట్టు. ఒకే సీరాన్ని ఒకే టెక్నీషియన్ రెండుసార్లు చేసినా ఒక మెట్టు అటూ ఇటూ అవుతుంది. నాలుగింతలు కావాలని పెద్దలు పెట్టింది అందుకే. రెండు మెట్లు పెరిగితేనే అది చేతి తేడా కాదని నమ్మొచ్చు.

టెక్నీషియన్: స్లైడు గురించి నిజం చెప్పాలె. తెల్లటి పలక మీద గుండ్రాలుంటయి. సీరం 80 మైక్రోలీటర్లు, 40, 20, 10, 5 ఏసి, ఒక్కో దాంట్ల ఒక చుక్క యాంటిజెన్ కలిపి ఒక్క నిమిషం తిప్పాలె. ఆ నిమిషం దాటితే అంచులు ఎండి గుంపు కట్టినట్టే కనబడ్తది. కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం పోతే యాంటిజెన్ పాడైతది, ఒక్కోసారి ఉప్పునీళ్లతోనే గుంపు కడ్తది. అందుకే రోజూ ఉప్పునీళ్ల కంట్రోల్ పెట్టాలె, కిట్టుల వచ్చే పాజిటివ్ కంట్రోల్ పెట్టాలె. చానమంది పెట్టరు. ఇంకొందరు పలచన చెయ్యనే చెయ్యరు. ఒక్క చుక్క కలిపి, గుంపు కట్టంగనే కాయితం రాస్తరు. గది వైడాల్ గాదు. దానికి నేను జవాబుదారి గాను.

డాక్టరు: మీ గొట్టాల పద్ధతినే తీసుకుందాం, అన్నీ సరిగ్గా చేశారనే అనుకుందాం. నాకు ఇంకా ఒక చిక్కు మిగులుతుంది. ఒక కేసు చెబుతాను. వరినాట్లకు పోయే ఆమె, ముప్పై ఏళ్లుంటాయి. ఆరు రోజుల జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి. ఓ 1:80, హెచ్ 1:80. ఒకచోట టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఏడు రోజులు ఇచ్చినా జ్వరం దిగలేదు. మళ్లీ చేస్తే ఓ 1:80 దగ్గరే ఉంది, హెచ్ 1:320 అయింది. సరిగ్గా నాలుగింతలు. టైఫాయిడ్ ఖాయం, మందు పనిచేయట్లేదు, ఇంకా పెద్ద మందు వేయాలన్నారు. నా దగ్గరికి వచ్చాక ఒళ్లంతా వెతికితే నడుము దగ్గర, లంగా బొందు కింద, సిగరెట్ కాల్చినట్టు నల్లటి చెక్కు. గడ్డిలో ఉండే నల్లి పిల్ల కరిచిన చోటు. స్క్రబ్ టైఫస్. సెఫ్ట్రియాక్సోన్ దానికి పనిచేయదు. డాక్సీసైక్లిన్ ఇచ్చాను, రెండు రోజుల్లో జ్వరం దిగింది. మరి ఆ నాలుగింతలు ఎక్కడివి? ఎప్పుడో టైఫాయిడ్ క్రిమిని చూసిన ఒళ్లు, ఇంకో జ్వరం వచ్చి కదిలిస్తే పాత హెచ్ యాంటీబాడీలనే మళ్లీ తయారు చేసింది. మలేరియాలో కూడా ఇలా జరుగుతుంది. జబ్బు లేని దేశంలో పెరుగుదలకు ఒకటే అర్థం. మన దగ్గర రెండు.

టెక్నీషియన్: హెచ్ ఒక్కటే పెరిగి ఓ ఉన్నకాడనే ఉంటే అనుమానించాలె. నా దగ్గర అట్లొస్తే టైఫాయిడ్ అని రాయ. కొత్త సంగతి చెప్పేది ఓ.

డాక్టరు: చాలావరకు అంతే. కానీ టైఫాయిడ్ క్రిమి ఓ యాంటిజెన్‌లో కొన్ని భాగాలు దాని చుట్టాలైన ఇతర సాల్మొనెల్లాల్లోనూ ఉన్నాయి. పారాటైఫాయిడ్ క్రిమిలోనూ, కలుషిత ఆహారంతో విరేచనాలు తెప్పించే కొన్నింటిలోనూ. ఓ పెరిగినా అది ఏ చుట్టానిదో వైడాల్ చెప్పదు. రెండో వైపు కూడా ఉంది. మందు ముందే పడితే యాంటీబాడీలు పెరగాల్సినంత పెరగవు. రోగి పన్నెండో రోజున వస్తే మొదటి రక్తంలోనే టైటరు శిఖరానికి చేరి ఉంటుంది, రెండోసారి పెరగడానికి చోటు ఉండదు. అంటే టైఫాయిడ్ లేకుండా పెరగొచ్చు, టైఫాయిడ్ ఉండీ పెరగకపోవచ్చు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరే. మీ పద్ధతి అంత బాగా పనిచేసిన ఆ హాస్టల్ పిల్లవాడికి జవాబు పద్నాలుగో రోజు వచ్చింది. మందు ఎప్పుడు మొదలుపెట్టారు?

టెక్నీషియన్: ఆరో రోజు.

డాక్టరు: చూశారా. టైం మీద వచ్చే వైడాల్‌కు మాట లేదు. మాట ఉన్న వైడాల్ టైంకి రాదు.

టెక్నీషియన్: అట్లనుకుంటే ఆగి ఆగి చూద్దమా? మూడో వారంల పేగుకు చిల్లు పడి పెద్ద దవాఖానకు తోలిన మనుషులను నేను చూసిన. తప్పుడు పాజిటివ్ అయితే ఏమైతది, వారం రోజులు అక్కెరకు రాని మందు పడ్తది. టైఫాయిడ్‌ను వదిలేస్తే ప్రాణం పోతది. రెండిట్ల ఏది పెద్ద తప్పు? పేదోనికి ఒక కాయితం ఉంటే మందు వాడుతడు. కాయితం లేకుండ ఏడు రోజులు గోలీలు మింగుమంటే, మూడు రోజులకు జరం దిగంగనే ఆపేస్తడు. అట్ల ఆపిన జరమే తిరగబెడ్తది.

డాక్టరు: మీ భయం నాదీనూ. అందుకే ఐదారు రోజులు దాటి జ్వరం ఉండి, మలేరియా, డెంగీ కావని తేలి, టైఫాయిడ్ పోలికలు ఉంటే కాగితం కోసం ఆగకుండా మందు ఇస్తాను. కానీ తప్పుడు పాజిటివ్ ఖరీదు వారం రోజుల మందేనని మీరంటే ఒప్పుకోను. చేతిలో టైఫాయిడ్ కాగితం పడగానే వెతకడం ఆగిపోతుంది. నాట్లకు పోయే ఆమె నడుము ఏడు రోజులు ఎవరూ చూడలేదు. డెంగీ మనిషికి నాలుగో రోజు టైఫాయిడ్ పాజిటివ్ అని చెప్పి ఇంటికి పంపితే, ఐదో రోజు జ్వరం దిగాక రక్తపోటు పడిపోయే ఆ గడియలో అతను ఇంట్లో ఉంటాడు. ఇక మందు సంగతి. 2016 చివర్లో పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో మొదలైన టైఫాయిడ్‌కు పాత మందులు పనిచేయలేదు, సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయలేదు, సెఫ్ట్రియాక్సోన్ కూడా పనిచేయలేదు. నోటి మందుల్లో వాళ్లకు మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. మన దగ్గర సిప్రోఫ్లాక్సాసిన్ ఇప్పటికే దాదాపు చేతికి రాకుండా పోయింది. పాజిటివ్ కాగితం ఉన్న నలుగురిలో టైఫాయిడ్ లేని ముగ్గురికి మనం కాల్చేస్తున్నది మిగిలిన మందులనే. పైగా ఏ మందు పనిచేస్తుందో చెప్పగలిగేది కల్చరే. వైడాల్ 1:640 వచ్చినా ఆ ఒక్క మాట చెప్పలేదు.

టెక్నీషియన్: సరే, పాజిటివ్‌ను పక్కన పెట్టుండ్రి. నెగెటివ్ సంగతేంది? పదో రోజు జరం, నా దగ్గర ఓ, హెచ్ రెండూ 1:20ల గూడ లేవు. ఊరందరికీ ఎంతో కొంత ఉండే కాడ ఈ మనిషికి ఏమీ లేదు. అది మాట గాదా?

డాక్టరు: ఇది నేను తోసిపుచ్చలేను. జబ్బు ఎక్కువ ఉన్నచోట ఈ పరీక్షలో పాజిటివ్ కన్నా నెగెటివ్‌కే బరువెక్కువ. పదో రోజున ఏమీ లేదంటే నా చూపు వేరే జ్వరాల మీదికి మళ్లుతుంది. కాకపోతే కల్చర్‌లో క్రిమి మొలిచిన రోగుల్లోనే కొందరికి వైడాల్ నెగెటివ్ వస్తుంది. ముందే మందు పడ్డవాళ్లకు, ఒంట్లో శక్తి లేనివాళ్లకు. దాన్ని పట్టుకుని టైఫాయిడ్ కాదని మందు ఆపేయలేను.

టెక్నీషియన్: ఒక్క దాంట్ల మనిద్దరిది ఒకటే మాట. మందు అయిపోయినంక 'టైఫాయిడ్ ఎంత తగ్గింది చూడు అన్నా' అని మళ్ల వస్తరు. టైటరు 160 అట్లనే ఉంటది. ఇంకా నెత్తురుల ఉన్నదని మళ్ల ఇంజక్షన్లు. నేను చెయ్య. చెయ్యనంటే ఇంకో ల్యాబుకు పోతరు.

డాక్టరు: నెలల తరబడి అలాగే ఉంటుంది, హెచ్ ఇంకా ఎక్కువ కాలం. జబ్బు తగ్గిందని చెప్పేది జ్వరం, ఆకలి, మనిషి మొహం. టైటరు కాదు.

టెక్నీషియన్: మరి నా పరీక్షకు ముందు మంచి రోజులున్నయంట. హైదరాబాద్‌ల భారత్ బయోటెక్ చేసిన టైఫాయిడ్ టీకా ఉన్నది గదా, క్రిమి పైపొర మీది వీఐ అనే దాని మీద పనిచేస్తదట. వైడాల్ చూసేది ఓ, హెచ్. ఆ టీకా పడ్డంత మాత్రాన నా అంకె పెరగదు. పిల్లలందరికీ అది పడి, మంచినీళ్లు మంచిగైతే పదేండ్లల్ల ఊరి జనంల పాత యాంటీబాడీలు కరిగిపోతయి. అప్పుడు 1:160 అంటే నిజంగనే 1:160.

డాక్టరు: టీకా గురించి మీరన్నది సరైనదే, పాత కాలపు చంపిన క్రిముల టీకాతో టైటరు పెరిగేది, దీనితో అలా కాదు. కానీ ఆ రోజు వచ్చిందనుకోండి. వెయ్యి జ్వరాల్లో టైఫాయిడ్ ఇరవయ్యే ఉంటాయి. మీరు పద్నాలుగు పడతారు. మిగతా తొమ్మిది వందల ఎనభైలో తప్పుడువి నూటికి రెండే అనుకున్నా ఇరవై దాకా వస్తాయి. అప్పుడు కూడా సగానికి పైగా కాగితాలు తప్పే. పాత యాంటీబాడీలు తగ్గిన మేరకే జబ్బు కూడా తగ్గుతుంది కదా.

టెక్నీషియన్: అయితే రేపటి సంగతి చెప్పుండ్రి. ఆరో రోజు జరంతోని ఒకరు వస్తరు, చీటీ మీద ఏం రాస్తరు?

డాక్టరు: యాంటీబయాటిక్ పడకముందు కల్చర్ సీసాలోకి పది మిల్లీలీటర్లు, పంపడం నా బాధ్యత. మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్, రక్తకణాల లెక్క. రెండు మిల్లీలీటర్ల సీరం మీ ఫ్రీజర్‌లో, మీద పేరు, తేదీ, జ్వరం ఎన్నో రోజో రాసి. వైడాల్ రాయను. కల్చర్‌లో ఏమీ మొలవక, రోగి రెండు వారాలకు తిరిగి వస్తే అప్పుడు రెండూ కలిపి గొట్టాల్లో చేయండి.

టెక్నీషియన్: రెండు వారాలకు తిరిగి వచ్చేటోడు పదిమందిల ఒక్కడు. మిగిలిన తొమ్మిదిమంది సీరం నా ఫ్రీజర్‌ల పడి ఉంటది, వాళ్లకు వచ్చిందేందో ఎవ్వరికి తెల్వదు. అదే సీరంల ఒక చుక్క ఇయ్యాల పలక మీద ఏస్తే మీకు ఒక అంకె అన్న దొరుకుతది. పద్ధతి ఏందో, జరం ఎన్నో రోజో పక్కన రాస్త. పాజిటివ్ అనే మాట రాయ. అంకె మాత్రం ఇస్త.

డాక్టరు: మీరు అంకె ఒక్కటే రాసినా చదివేవాళ్లు పాజిటివ్ అనే చదువుతారు. 1:160 చూశాక ఆ మనిషి నడుము దగ్గర నల్ల చెక్కు కోసం అంతే ఓపికగా వెతుకుతానని నా మీద నాకు నమ్మకం లేదు.

టెక్నీషియన్: అంకె చూడకపోతే పొట్ట మీద చెయ్యి పెట్టి టైఫాయిడ్‌ను పోల్చుకుంటరని నాకు నమ్మకం లేదు మేడం. సీరం మాత్రం దాస్త. రేపటి నుంచే.